నూటికి రెండు రూపాయలు: ఒక కవర్ నోట్ మూడుసార్లు మారిన వైనం

నేను హైదరాబాద్‌లో ఒక డిగ్రీ కాలేజీలో గణితం చెబుతాను. సాయంత్రాలు కాసేపు స్టాఫ్‌రూంలోనే కూర్చుని, పీజీ అయిపోయిన మా పాత విద్యార్థుల దరఖాస్తులు, వాటితో పంపే కవర్ నోట్లు దిద్దిపెడుతుంటాను. అంతకు ముందు నాలుగేళ్లు ఒక టీచింగ్ ఫెలోషిప్ ఎంపిక కమిటీలో ఉండి, ఇలాంటి నోట్లను అటువైపు నుంచి చదివాను. ఒక్కో నోటుకు మాకు దొరికేది మూడు నిమిషాలు. ఆ మూడు నిమిషాల్లో ఏది పట్టేసుకుంటుందో, ఏది జారిపోతుందో కొంత తెలుసు. 2024 నవంబర్‌లో నా దగ్గరికి వచ్చిన ఒక నోటు గురించి రాస్తున్నాను. అమ్మాయి పేరు, బడి ఉన్న ఊరి పేరు చెప్పను.

అమ్మాయిది ఉప్పల్. ఎమ్మెస్సీ మ్యాథ్స్, మంచి మార్కులు. వాళ్ల నాన్నకు కిరాణా కొట్టు. ఫెలోషిప్ రెండేళ్లు, నల్గొండ జిల్లాలో పత్తి పండించే ఒక ఊళ్లోని జిల్లా పరిషత్ హైస్కూల్లో 7 నుంచి 9 తరగతులకు గణితం చెప్పాలి. బడి ఏదో దరఖాస్తులోనే ఎంచుకోవాలి. నోటు తెలుగులో, ఒక పేజీ దాటకుండా ఉండాలి, ఎందుకంటే కమిటీతో పాటు ఆ బడి హెచ్‌ఎం కూడా చదువుతారు. అడిగింది ఒకే ప్రశ్న: మీ సబ్జెక్టు ఆ ఊరి అవసరానికి ఎక్కడ తగులుతుంది?

మొదటి ప్రతి ఇలా మొదలైంది:

"నల్గొండ జిల్లా దశాబ్దాలుగా ఫ్లోరైడ్ భూతంతో పోరాడుతోంది. ఇలాంటి వెనుకబడిన ప్రాంతపు చిన్నారులకు నాణ్యమైన గణిత విద్య అందించి వారి భవిష్యత్తుకు బాటలు వేయాలన్నది నా ఆశయం. ఎమ్మెస్సీలో టోపాలజీ మీద నేను చేసిన ప్రాజెక్టుకు డిస్టింక్షన్ వచ్చింది."

నల్గొండ అనగానే ఫ్లోరైడ్ రాయడం హైదరాబాద్ పిల్లలకు అలవాటు. కమిటీలో ఉన్నప్పుడు నల్గొండ బడికి వచ్చే నోట్లన్నీ ఫ్లోరైడ్‌తోనే మొదలయ్యేవి, ఆదిలాబాద్‌వైతే గిరిజనులతో. ఫ్లోరైడ్ కథ అబద్ధమని కాదు. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగకూడదని మన ప్రమాణం. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు బోర్లలో అంతకు ఎన్నో రెట్లు ఉండేది. వంగిపోయిన ఎముకలతో బతుకుతున్న పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు. కానీ మిషన్ భగీరథ నీళ్లు వచ్చాక పరిస్థితి చాలా మారింది. ఆ ఊరి హెచ్‌ఎంకు ఆ వాక్యం పదేళ్ల నాటి పేపర్ కటింగ్‌లా కనిపిస్తుంది. సరే, అది ఇంకా నిజమే అనుకుందాం. ఫ్లోరైడ్‌కూ ఏడో తరగతి లెక్కలకూ మధ్య ఈ నోటులో వంతెన ఏది? అవసరం ఒక వాక్యంలో, సబ్జెక్టు ఇంకో వాక్యంలో, రెండూ పక్కపక్కన కూర్చున్నాయి, మాట్లాడుకోవడం లేదు. మధ్యలో ఉన్న "వెనుకబడిన ప్రాంతపు చిన్నారులు" అన్న మాటైతే, హెచ్‌ఎం చదివేలోపే కొట్టేయాల్సింది.

"ఆ ఊరికి ఎప్పుడైనా వెళ్లావా అమ్మా?" అని అడిగాను.

"లేదు సార్. గూగుల్ మ్యాప్‌లో చూశాను."

ముందు హెచ్‌ఎంకు ఫోన్ చేసి అనుమతి అడగమన్నాను. ఒక రోజంతా అక్కడ ఉండి రమ్మన్నాను. నోటు కోసం వస్తున్నానని దాచకుండా చెప్పమన్నాను. "సమస్యలేమిటి సార్" అని మాత్రం అడగొద్దన్నాను. అలా అడిగితే ఎవరైనా నీళ్లు, రోడ్లు, టీచర్ల కొరత అనే చెబుతారు. ఊళ్లో లెక్క ఎక్కడెక్కడ నడుస్తోందో చూసి రమ్మన్నాను. డబ్బు చేతులు మారే చోటు, తూకం వేసే చోటు, కొలిచే చోటు.

ఎల్బీనగర్‌లో పల్లెవెలుగు ఎక్కి, జీరో టికెట్ మీద వెళ్లి వచ్చింది. మర్నాడు తెచ్చిన నోట్‌బుక్‌లో నాలుగు పేజీలు నిండా రాసుకుంది. అందులో నాకు పనికొచ్చింది ఒకటిన్నర పేజీ. కానీ ఆ ఒకటిన్నర పేజీ బంగారం.

ఎనిమిదో తరగతిలో హెచ్‌ఎం ఆమెకు ఒక పీరియడ్ ఇచ్చారు. పిల్లలు బారువడ్డీ లెక్క టకటకా చేసేశారట. అసలు, కాలం, వడ్డీ రేటు ఇస్తే సూత్రంలో పెట్టి జవాబు తెచ్చేస్తారు. అప్పుడు ఈమె ఊరికే ఒక మాట అడిగింది: "బ్యాంకు ఏడు శాతానికి ఇస్తోంది, బయట నూటికి రెండు రూపాయలకు ఇస్తున్నారు. ఏది తక్కువ?" తరగతిలో సగానికి పైగా "రెండు రూపాయలే తక్కువ మేడం" అన్నారు.

ఇదీ దొరకాల్సింది. పాఠ్యపుస్తకంలో వడ్డీ ఎప్పుడూ సంవత్సరానికి, శాతంలో ఉంటుంది. ఊళ్లో వడ్డీ ఎప్పుడూ నెలకు, నూటికి, రూపాయల్లో ఉంటుంది. "నూటికి రెండు" అంటే సంవత్సరానికి 24 శాతం. "నెలకు" అన్న మాట ఎవరూ పలకరు, అది అందరికీ తెలిసిందే కాబట్టి. పిల్లవాడికి రెండు భాషలూ వచ్చు, ఒకదాన్ని ఇంకోదాంట్లోకి మార్చడం మాత్రం ఎవరూ చెప్పలేదు. పుస్తకం వడ్డీ పరీక్షకు, ఊరి వడ్డీ ఇంటికి అని రెండు డబ్బాల్లో పెట్టుకున్నాడు.

అంకెల్లో చూస్తే తేడా ఇంకా బాగా తెలుస్తుంది. జూన్‌లో విత్తనాలకు, ఎరువులకు 50,000 తెచ్చి, జనవరిలో పత్తి అమ్మి కట్టారనుకుందాం. ఏడు నెలలు. నూటికి రెండు చొప్పున వడ్డీ 7,000. అదే 50,000 బ్యాంకు పంట రుణం 7 శాతానికైతే ఏడు నెలలకు సుమారు 2,042. గడువులోగా కడితే వచ్చే 3 శాతం రాయితీ లెక్కేస్తే ఇంకా తగ్గుతుంది. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టడానికి ఎమ్మెస్సీ అక్కర్లేదు, నిజమే. కానీ పిల్లలు ఎక్కడ తడబడుతున్నారో ఒక్క ప్రశ్నతో బయటపెట్టడానికి సబ్జెక్టు కావాలి. టోపాలజీ డిస్టింక్షన్ కంటే ఆ ఒక్క ప్రశ్న నా దృష్టిలో పెద్ద అర్హత, అదే ఆమెతో అన్నాను. మొహం కాస్త చిన్నబుచ్చుకుంది.

రెండో సంగతి పత్తి కొనుగోలు కేంద్రం దగ్గర దొరికింది. జిన్నింగ్ మిల్లు ముందు బండ్లు వరసలో ఉన్నాయి. మద్దతు ధరకు పత్తి కొనే ప్రభుత్వ సంస్థ సీసీఐ మనిషి తేమ యంత్రం పత్తిలో గుచ్చి చూసి ఒక అంకె చెబుతాడు, దాని మీదే ధర. ఆ సీజన్లో పొడుగు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాల్‌కు 7,521. తేమ 8 శాతం ఉంటే పూర్తి ధర. ఆపైన ఒక్కో శాతానికి ధరలో ఒక శాతం, అంటే 75 రూపాయల 21 పైసలు కోత. 9కి 7,445.79, 10కి 7,370.58, అలా 12 దాకా. 12 దాటితే కొనరు, వెనక్కి పంపుతారు. వెనక్కి వచ్చిన బండి ప్రైవేటు వ్యాపారి దగ్గరికే పోతుంది. అక్కడ ధర వేరు, తూకంలో తరుగు వేరు. ఒక పెద్దాయన "పన్నెండున్నర వచ్చిందట బిడ్డా, అర శాతానికి వాపస్" అన్నాడని రాసుకుంది. పక్కనే ఆయన మనవరాలు స్కూల్ యూనిఫాంలోనే ఉందట, అది బడి ఉన్న రోజు.

మూడోది హెచ్‌ఎం మామూలుగా అన్న మాట: "దసరా తర్వాత పత్తి ఏరుడు మొదలైతే నా క్లాసులు సగం ఖాళీ అయితయి మేడం. జనవరి దాకా అంతే."

ఈ సరుకంతా చేతిలో పడేసరికి రెండో ప్రతి ఇంకోవైపు ఎగిరింది. "రైతులను వడ్డీ వ్యాపారుల కబంధ హస్తాల నుంచి విముక్తి చేసేందుకు, ఎనిమిదో తరగతి పిల్లలతో ప్రతి ఇంటి అప్పులపై సర్వే చేయించి, ఊరి రుణ భారాన్ని గ్రాఫ్ రూపంలో గ్రామసభ ముందు పెడతాను" అని రాసింది. ఉత్సాహం అర్థమైంది. కానీ కమిటీలో నేనుండి ఇలాంటి వాక్యం కనిపిస్తే ఆ నోటును పక్కన పెట్టేవాడిని.

ఎందుకో తనకే తెలియాలని, ఆ పేరా హెచ్‌ఎంకు వాట్సాప్‌లో పంపి అభిప్రాయం అడగమన్నాను. ఆయన రాయలేదు, ఫోన్ చేశారు. "మేడం, ఎరువుల దుకాణంల ఉద్దెర రాసేటాయన బిడ్డ మీరు చూసిన ఎనిమిదో తరగతిలనే ఉన్నది. మూడో బెంచీ. ఆ పిల్ల ముంగట ఈ గ్రాఫ్ ఎట్ల గీపిస్తరు?"

ఆ మాటతో ఆమెకు విషయం తెలిసిపోయింది. బడిలో అప్పిచ్చిన ఇంటి పిల్లలూ తీసుకున్న ఇంటి పిల్లలూ ఒకే బెంచీ మీద ఉంటారు. ఇంటి అప్పు ఎంతో పిల్లవాడితో చెప్పించడం అంటే, ఆ ఇంటి గుట్టు తరగతిలో పరచడమే. పైగా ఉద్దెర ఇచ్చే ఆయనే పత్తి కూడా కొంటాడు. చాలామందికి సీసీఐ దగ్గరికి వెళ్లాలా వద్దా అన్నది లెక్కల ప్రశ్నే కాదు. పట్టా పాసుపుస్తకం లేని కౌలు రైతుకైతే అసలు ఆ దారిలో అడుగడుక్కీ అడ్డమే. లెక్క వచ్చిన పిల్ల ఇంట్లో "నాన్నా, ఇది 24 శాతం" అని చెప్పగలదు, అంతే. వేరే చోట అప్పు పుట్టించలేదు. నోటులో ఈ హద్దు కూడా ఉండాలన్నాను. హద్దు రాస్తే బలహీనంగా కనిపిస్తానేమో అని భయపడింది. అటువైపు కూర్చున్న అనుభవంతో చెబుతున్నాను, ఊరికి నిజంగా వెళ్లి వచ్చారనడానికి అంతకన్నా గట్టి సాక్ష్యం ఇంకోటి లేదు.

ఇక మిగిలింది ఈ ఆలోచన బడి రోజువారీ పనిలో ఎక్కడ ఇముడుతుందన్నది. ఫెలో వచ్చి సిలబస్ పక్కన పెట్టి సొంత కార్యక్రమం నడుపుతానంటే ఏ హెచ్‌ఎమ్మూ ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా. మన ఫార్మేటివ్ పరీక్షల్లో రాత పరీక్ష ఒక్కటే కాదు, ప్రాజెక్టు పనికీ మార్కులుంటాయి. తేమ–ధర పట్టిక ఆ ప్రాజెక్టులోకి చక్కగా వస్తుంది. టీచర్‌కు అదనపు భారం లేదు, పిల్లలకు మార్కులు వస్తాయి. ఇక క్యాలెండర్. శాతాలు, వడ్డీ పాఠాలు దసరాకు ముందే ముగించాలి, ఎందుకంటే ఆ పాఠం ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లే అక్టోబర్ నుంచి చేలో ఉంటారు. ఈ ఒక్క వాక్యం కోసం ఆమె హెచ్‌ఎంను మళ్లీ అడిగి, పాఠాల క్రమం మార్చడానికి వీలుందని రూఢి చేసుకుంది.

చివరికి పంపిన నోటులోని ముఖ్య భాగం, ఆమె అనుమతితో:

"నవంబర్‌లో ఒక రోజు మీ బడిలో, పత్తి కొనుగోలు కేంద్రం దగ్గర గడిపాను. ఎనిమిదో తరగతి పిల్లలు బారువడ్డీ సూత్రం తప్పు లేకుండా వాడుతున్నారు. కానీ బ్యాంకు 7 శాతం, నూటికి 2 రూపాయలు, వీటిలో ఏది తక్కువ అని అడిగితే ఎక్కువమంది రెండే తక్కువ అన్నారు. పుస్తకం సంవత్సరానికి చెబుతుంది, ఊరు నెలకు చెబుతుంది. ఈ రెండు లెక్కల మధ్య రాకపోకలు నేర్పడం నేను చేయగలిగిన మొదటి పని.

రెండోది పత్తి తేమ. 8 నుంచి 12 శాతం మధ్య ఒక్కో శాతానికి ధర ఎంత తగ్గుతుందో ఏడో తరగతి పిల్లలు స్వయంగా పట్టిక వేసి, తొమ్మిదో తరగతి పిల్లలు దాన్నే గ్రాఫ్ మీద సరళరేఖగా గీస్తారు. ఇది ఫార్మేటివ్ ప్రాజెక్టుగానే జరుగుతుంది. అంకెలన్నీ కొనుగోలు కేంద్రం ప్రకటించే ధరల నుంచి, నేను తయారు చేసే ఉదాహరణల నుంచి మాత్రమే తీసుకుంటాను. ఏ పిల్లనీ, ఏ పిల్లవాడినీ ఇంటి అప్పు గురించి అడగను.

పత్తి ఏరే రోజుల్లో హాజరు తగ్గుతుందని హెచ్‌ఎం గారు చెప్పారు. అందుకే శాతాలు, వడ్డీ పాఠాలను దసరా సెలవుల లోపు ముగిస్తాను. జనవరిలో తిరిగి వచ్చే పిల్లలకు మూడు వారాలు ఉదయం ఒక గంట ముందు తరగతి పెడతాను.

లెక్క తెలిసినంత మాత్రాన ఉద్దెర తీరదని, పత్తికి ధర పెరగదని నాకు తెలుసు. చీటీ మీద అంకె చూసి అది సరైనదో కాదో పిల్లలు సొంతంగా తేల్చుకోగలగడం వరకే నా పని. మా నాన్న కిరాణా కొట్టులో పదేళ్ల వయసు నుంచి ఖాతా పుస్తకం రాశాను. ఉద్దెర పుస్తకంలో కూడిక తప్పితే ఎవరికి నష్టమో అక్కడే నేర్చుకున్నాను."

ఆ చివరి రెండు వాక్యాలు మొదటి రెండు ప్రతుల్లో లేవు. కిరాణా కొట్టు సంగతి రాయడానికి సిగ్గుపడింది, టోపాలజీ రాయడానికి సిగ్గుపడలేదు. ఎమ్మెస్సీ వివరాలు ఎలాగూ బయోడేటాలో ఉంటాయి కాబట్టి నోటులోంచి పూర్తిగా తీసేశాం.

ఒకచోట నేనూ తప్పు చేశాను. పట్టిక గురించిన పేరాలో "పత్తిని ఆరబెట్టి అమ్మితే ఎంత లాభమో పిల్లలే లెక్కిస్తారు" అన్న వాక్యం నేనే చేర్చమన్నాను. ఎందుకో ఆమె దాన్ని ఉంచలేదు. జనవరి చివర్లో ఇంటర్వ్యూ జరిగింది. ఉంచి ఉంటే అక్కడ ఇబ్బంది పడేదే, ఎందుకంటే హెచ్‌ఎం సరిగ్గా అదే అడిగారు: "పన్నెండు శాతం తేమున్న క్వింటాల్ పత్తిని ఎనిమిదికి ఆరబెట్టి అమ్మితే రైతుకు లాభమా?"

"లాభమే సార్, ధర మూడు వందలు పెరుగుతుంది కదా" అందట మొదట. ఆయన ఏమీ అనలేదు, తెల్ల కాగితం ఇచ్చారు. ఆరితే బరువూ తగ్గుతుంది. 100 కిలోల్లో 12 కిలోలు నీరు, 88 కిలోలు పొడి సరుకు. ఆ 88 కిలోలు మొత్తంలో 92 శాతం కావాలంటే మొత్తం బరువు 95.65 కిలోలు. కిలో 75.21 చొప్పున 7,194 రూపాయలు. ఆరబెట్టకుండా 12 శాతం మీదే అమ్మి ఉంటే 7,220. ఆరబెట్టిన కష్టానికి 26 రూపాయలు నష్టం. 12 లోపు ఉన్న పత్తికి ఆరబెట్టడం వల్ల ఒరిగేదేమీ లేదు. 12 దాటిన బండికి మాత్రం ఆరబెట్టడం తప్పదు, లేకపోతే అసలు కొనరు. ఆ పెద్దాయన పన్నెండున్నర కథ అక్కడ సరిపోయింది. లెక్క తేల్చడానికి నాలుగు నిమిషాలు పట్టిందని, చేతులు వణికాయని తర్వాత చెప్పింది. నేనైతే ఆ వాక్యం రాయించేటప్పుడు బరువు సంగతే ఆలోచించలేదు.

కాగితం తీసుకుని చూసి హెచ్‌ఎం అడిగింది ఒకటేనట: "జూన్ పన్నెండున బడి తెరుస్తరు. మీరు ఒక వారం ముందే రాగలరా మేడం? రూం చూపిస్త."